గడికి ఒక్కటే అంకె

తర్లుపాడు నుంచి మార్కాపురం పోయే షేర్ ఆటోలో వెనక సీటు ముగ్గురి కోసం చేసింది. ఈ సంగతి ఆటో తయారుచేసిన వాళ్లకు తెలుసు, ఎక్కేవాళ్లకు తెలుసు, నడిపేవాడికి కూడా మనసులో ఏదో మూల తెలిసే ఉంటుంది. అయినా నేను పీజీ చదివిన రోజుల్లో ఆ సీటు మీద ఒక్కసారైనా నిండుగా కూర్చున్న గుర్తు లేదు. ఎక్కగానే డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "కొంచెం సర్దుకోండమ్మా" అనేవాడు. ఎవరితో అంటున్నాడో ఆయనకు అక్కర్లేదు. ఎవరో ఒకరు సర్దుకుంటారు. ఆ ఎవరో ఒకరు సాధారణంగా నేను.

అదే ఆటోలో మా హెచ్‌ఓడీ సారు కూడా సగం సీటు మీద వచ్చేవారు. ఆయన భార్య తర్లుపాడు బడిలో టీచరు. అందుకని ఇల్లు అక్కడ, ఉద్యోగం మార్కాపురంలో. ఆటోలో మేమిద్దరం ఒకరినొకరు చూడనట్టే ఉండేవాళ్లం. మోకాలికి మోకాలు తగులుతున్నప్పుడు అది కాస్త కష్టమే. ఇద్దరం చదువుకున్నవాళ్లం కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాం.

మా కాలేజీ మార్కాపురం ఊరి బయట ఉండే ప్రైవేటు పీజీ కాలేజీ. ఎమ్మెస్సీ గణితం చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు చేయాలి. చేయాలంటే, తెచ్చుకోవాలి. బస్టాండు వైపు ఒక జిరాక్స్ దుకాణం ఉంది. పేరు, రోల్ నంబరు చెప్తే వారంలో బంగారు అక్షరాల బైండుతో ప్రాజెక్టు చేతికొస్తుంది. ఎప్పుడూ ఒకటే విషయం, రవాణా సమస్య. కొన్ని సిమెంటు ఫ్యాక్టరీలు, కొన్ని గోడౌన్లు, దేని నుంచి దేనికి ఎంత తోలితే ఖర్చు తక్కువ అనేది. ఏటేటా అవే ఫ్యాక్టరీలు, అవే గోడౌన్లు. ఇన్నేళ్లుగా ఇంత సిమెంటు తోలినా ఎక్కడా ఒక ఇల్లు లేచినట్టు ఏ ప్రాజెక్టులోనూ రాయలేదు.

క్లాసులో నా పక్కన కూర్చునే కొమరోలు అమ్మాయి తన బైండు అందరికంటే ముందు తెచ్చుకుంది.

"అట్ట బాగుందే" అంది, దాన్ని చెయ్యితో రుద్దుతూ.

"లోపల చూసినావా?"

"లోపల చూసేదానికి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు గదా. ఆయన పని నేనెందుకు చెయ్యాల?"

ఈ వాదనలో నాకు తప్పేమీ కనిపించలేదు. కానీ నేను తెచ్చుకోదలచుకోలేదు. ఆదర్శం అనుకోకండి. రెండేళ్లు సగం సీటు మీద కూర్చుని నేర్చుకున్న చదువు కనీసం ఒక్కసారి నా చేత్తో వాడకుండా పోతే నడుం నొప్పి తప్ప నాకేం మిగలదని లెక్క వేసుకున్నాను. లెక్కలే కదా చదివింది.

నా విషయం సుడోకు. తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువువరుసలు, మధ్యలో మూడింటికి మూడు చొప్పున తొమ్మిది పెట్టెలు. కొన్ని గడుల్లో అంకెలు పేపరు వాళ్లే ఇస్తారు, మిగతావి మనం నింపాలి. ఇది నాకు మా నాయన వల్ల అబ్బింది. ఆయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. టీ అంగట్లో పేపరు మీద గీతలు గీస్తే అంగడాయన ఊరుకోడు. అందుకని మా నాయన చీలిపోయిన పలక ఒకటి ఇంటికి తెచ్చి, దాని మీద మేకుతో గడులు గీసి, అంగట్లో చూసి గుర్తుపెట్టుకున్న అంకెల్ని బలపంతో రాసేవాడు. గుర్తు తప్పేది కూడా. అప్పుడు ఆ పజిల్‌కు జవాబు ఉండేది కాదు. వారమంతా మా అమ్మా నేనూ తలలు బద్దలు కొట్టుకున్నాక, "ఆడ మూడు గాదు, ఎనిమిదేమో" అనేవాడు ప్రశాంతంగా.

ప్రాజెక్టులో నేను చేసింది సుడోకు ఆడటం కాదు, దాన్ని సమీకరణాలుగా రాయడం. యంత్రానికి గడి అంటే తెలియదు, అంకె అంటే తెలియదు. అవును, కాదు మాత్రమే తెలుసు. కాబట్టి ప్రతి గడికీ తొమ్మిది ప్రశ్నలు పెట్టాను. ఈ గడిలో ఒకటి ఉందా? రెండు ఉందా? ఇలా తొమ్మిది దాకా. ఉంటే విలువ ఒకటి, లేకపోతే సున్నా. ఎనభై ఒక్క గడులకు ఏడువందల ఇరవై తొమ్మిది ప్రశ్నలు. ఆ జవాబులన్నీ సున్నాలో ఒకట్లో అయి తీరాలి, సగాలు పనికిరావు. దీన్నే సున్నా-ఒకటి పూర్ణాంక ప్రోగ్రామ్ అంటారు. ఇక ఆట నియమాల్లో ఒక్కోదానికి ఒక్కో సమీకరణాల కుటుంబం. మొదటి కుటుంబం: ప్రతి అడ్డవరుసలోనూ ప్రతి అంకె సరిగ్గా ఒక్కసారి. రెండోది: ప్రతి నిలువువరుసలోనూ అంతే. మూడోది: ప్రతి పెట్టెలోనూ అంతే. నాలుగోది: ప్రతి గడిలోనూ సరిగ్గా ఒక్క అంకె. ఒక్కో కుటుంబంలో ఎనభై ఒక్క సమీకరణాలు. పేపరు వాళ్లు ఇచ్చిన అంకెల దగ్గర విలువ ఒకటి అని కట్టేస్తే చాలు. అవి నియమాలు కావు, ఆ రోజు పరిస్థితి. ఇదంతా సాల్వర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు ఇస్తే అది అన్నిటికీ సరిపడే సున్నాలూ ఒకట్లూ వెతికి పెడుతుంది.

శీర్షిక కూడా పెట్టాను: "సుడోకు: ఒక నియమానికి ఒక సమీకరణ కుటుంబం". నాకు బాగా నచ్చింది. నా కష్టాలన్నీ ఆ శీర్షికతోనే మొదలయ్యాయి.

మా గైడు కూడా హెచ్‌ఓడీ సారే. మా శాఖలో ఉన్న ఇద్దరిలో రెండో ఆయన సెలవులో ఉండేవారు. సార్ నా కాగితాలు మొదటి పేజీ నుంచి చదివారు. ఆ కాలేజీలో అలా చదవడం అరుదు, కాబట్టి భయం వేసింది.

"ఏమ్మా, దేన్ని తగ్గిస్తా ఉండావు ఇందులో? ఖర్చా? దూరమా?"

"ఏమీ తగ్గించట్లేదు సార్."

"మరి లాభం పెంచుతా ఉండావా?"

"లేదు సార్. అంకెలు రూల్స్‌కి ఇమిడితే చాలు. లక్ష్యం దగ్గర సున్నా అని రాసినా."

"లక్ష్యం సున్నా" అన్నారు సార్. ఈ మాట నా గురించి ఇదివరకే అనుకున్నట్టు తల ఊపారు. తర్వాత జేబులోంచి పేపరు ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు సుడోకు. దాని కింద చిన్న అక్షరాల్లో నియమాలు ఉన్నాయి.

"చదువు."

చదివాను. ప్రతి అడ్డవరుసలో, ప్రతి నిలువువరుసలో, ప్రతి పెట్టెలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఒక్కోసారి రావాలి.

"ఎన్ని రూల్స్?"

"మూడు సార్."

"నీ ఫ్యామిలీలు ఎన్ని?"

"నాలుగు సార్."

"ఒక రూలుకి ఒక ఫ్యామిలీ అని అట్ట మీద రాసినావు. మూడు, నాలుగు ఎట్ల సమానమైతాయి? ఎక్స్‌టర్నల్ అడిగితే నేనేం చెప్పాల? నాలుగోది ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా రాయలేదు సార్. మనుషులకు రాయాల్సిన పని లేదు. గడి చూస్తేనే తెలిసిపోద్ది, ఒక్క అంకె పడతాదని. యంత్రానికి తెలీదు."

"తెలీకపోయినా వస్తాదమ్మా" అన్నారు సార్. ఇక్కడ ఆయన తరఫున ఒక మాట చెప్పాలి, ఆయన వాదన గాలివాటం కాదు. "చూడు. వరుసకు తొమ్మిది అంకెలు. తొమ్మిది వరుసలు. మొత్తం ఎనభై ఒక్క అంకెలు. గడులు ఎన్ని? ఎనభై ఒకటి. సమానం. ఇంక నాలుగోదానితో పనేంది? మూడు రాస్తే నాలుగోది దానంతటదే వస్తాది. అది తీసేయ్. సంతకం పెడతా."

"తీయను సార్."

ఆ మాట నేను ఇంకాస్త మర్యాదగా అనాలనే అనుకున్నాను. నోటి దాకా వచ్చేసరికి పొట్టిదైపోయింది.

సంతకం లేకపోతే వైవా చెల్లదు. వైవా చెల్లకపోతే డిగ్రీ లేదు. గిద్దలూరులో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు కాలేజీలు తెరిచేలోగా పాస్ కాగితం తెస్తే లెక్కల లెక్చరరుగా తీసుకుంటామన్నారు. వాళ్లన్న ఆ మాట మా నాయన అప్పటికే ఫ్యాక్టరీలోనూ, టీ అంగట్లోనూ, చర్చిలోనూ చెప్పేశాడు. ఒక్క సంతకం వెనక ఇంత జనం నిలబడి ఉన్నారు. అది తెలిసి కూడా తీయనన్నాను. ఎందుకంటే నాలుగోది తీసేస్తే అది నా ప్రాజెక్టు కాదు, అది తప్పు. తప్పు కావాలంటే జిరాక్స్ దుకాణంలో ఇంకా మంచి బైండుతో దొరుకుతుంది.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబులో సార్‌ను కూర్చోబెట్టాను. ఆయన తెచ్చిన పజిలే తీసుకున్నాను. ఆయన చెప్పినట్టే నాలుగో కుటుంబాన్ని తీసేశాను. ఒక్కో గడిలో ఏ అంకెకు ఒకటి పడితే ఆ అంకెను, రెండిటికి పడితే ఆ రెండిటి మొత్తాన్ని అచ్చువేయమని చెప్పి సాల్వర్‌ను నడిపాను. జవాబు వెంటనే వచ్చింది. కొమరోలు అమ్మాయి మా వెనక నిలబడి చూస్తోంది. ఆ వేళ ల్యాబులో ఫ్యాను తిరిగేది, అంతకుమించి ఆమెకు కారణం అక్కర్లేదు.

సార్ మొదటి వరుస కూడారు. నలభై ఐదు. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే అంతే రావాలి. రెండో వరుస నలభై ఐదు. నిలువుగా కూడారు, నలభై ఐదు. ఒక పెట్టె కూడారు, నలభై ఐదు. ఆయన ముఖం వెలిగింది.

"చూసినావా? అన్నీ టాలీ."

"టాలీనే సార్. కానీ ఆ గడి చూడండి."

రెండో వరుసలో ఒక గడిలో పదమూడు ఉంది.

సార్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. పదమూడు కదల్లేదు.

"ఏందే ఇది, సుడోకులో పదమూడా?" అంది వెనకనుంచి కొమరోలు అమ్మాయి. "రమ్మీ అనుకుందా యేంది?"

"ఆరూ ఏడూ ఒకే గడిలో కూర్చున్నాయి" అన్నాను. "దాని పక్క గడి చూడండి సార్, సున్నా. ఖాళీ. ఈడ ఎనిమిది కనపడుతోందే, అది నిజం ఎనిమిది గాదు. ఐదూ మూడూ కలిసినాయి. ఇదిగో, పేపరోళ్లు ఇచ్చిన ఏడు. దాని మీద రెండు ఎక్కి తొమ్మిదైంది."

"మరి టాలీ ఎట్ల అయింది?"

"ప్రతి అంకే ప్రతి వరుసలో ఒక్కసారే వచ్చింది సార్, అందుకు టాలీ. మీరు చెప్పినట్టే ఎనభై ఒక్క అంకెలు ఎనభై ఒక్క గడుల్లోనే ఉన్నాయి. గడికి సగటున ఒకటి. మన ఆటోలో సీట్లెన్నో మనుషులు అంతేమంది ఉన్నా, ఇద్దరు ఒక సీట్లో కూర్చుని ఇంకో సీటు మీద మూట పెడితే ఎట్లుంటాదో అట్ల."

ఆటో మాట ఎత్తకుండా ఉండాల్సింది. అందులో మేమిద్దరం ఒకరినొకరు చూడం కదా.

నిజానికి ఆ తప్పు జవాబు నాకు చాలా నచ్చింది. సాల్వర్ మోసం చేయలేదు. మేం చెప్పిన మూడు మాటలూ తు.చ. తప్పకుండా పాటించింది. సరైన జవాబు కూడా ఆ మూడు నియమాలకూ సరిపోతుంది, కానీ దాన్నే ఎంచుకోవాల్సిన అవసరం దానికి లేదు. నాలుగోది లేకపోతే ఒకటి అనే అంకె తన మానాన తాను తొమ్మిది చోట్లు వెతుక్కుంటుంది, రెండు తన మానాన తాను వెతుక్కుంటుంది. ఏ అంకెకూ ఇంకో అంకె ఉందనే తెలియదు. తొమ్మిది వేరే వేరే ఆటలు ఒకే పలక మీద జరుగుతాయి. ఒకరికి ఇంకొకరు అడ్డమని చెప్పేది నాలుగో కుటుంబం ఒక్కటే. పేపర్లో రాయని నియమమే అసలు ఆటను ఆటగా నిలబెడుతోంది.

ఇదంతా సార్‌కు చెప్పాను. ఆయన తెర మీద పదమూడు దగ్గర వేలు పెట్టి, పక్కనున్న సున్నా దాకా జరిపారు. ఆయనకు అర్థమైంది, ఆ ముఖం నాకు తెలుసు. ఆటోలో రోజూ చూడనట్టు చూసిన ముఖమే.

"సరే" అన్నారు లేస్తూ. "అది కామన్ సెన్స్. రూలు గాదు. కామన్ సెన్సును ప్రాజెక్టులో రాయరు. మూడు చేసి తీసుకురా."

"కామన్ సెన్స్ అయితే మూడింటితోనే రావాలి గదా సార్" అన్నాను. అప్పటికి ఆయన గుమ్మం దాటారు.

కొమరోలు అమ్మాయి పదమూడు వైపే చూస్తోంది. "మూడని రాసి నాలుగు పెట్టవే. ఎవరు లెక్కపెడతారు?"

"నేను లెక్కపెడతా."

"నీతో ఇదే తిప్పలు" అంది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు రోగుల కోసం, వానల కోసం ప్రార్థన చేశాక, "ప్రభువా, మా బిడ్డకు రావలసిన సంతకం విషయంలో ఆ పెద్దమనిషి హృదయాన్ని మెత్తబరచు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఇంటికొచ్చాక మా నాయనను అడిగాను, సంతకం సంగతి చర్చి దాకా ఎవరు మోశారని.

"నేను చెప్పలే. మీ అమ్మ చెప్పినాది."

"ఆయన చెప్పమంటేనే చెప్పినా" అంది మా అమ్మ.

"తీసెయ్యమంటే తీసెయ్యొచ్చు గదా తల్లీ, ఒక్కటే గదా?" అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

నేను మేకుగీతల పలక తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక గడిలో ఆరు రాశాను. దాని మీదే ఏడు రాశాను. బలపం గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఏ అంకె ఏదో తెలియకుండా పోయాయి.

"ఇదేంది?" అన్నాడు.

"నాలుగోది తీసేస్తే ఇది."

నాయన అరచేత్తో తుడిచేశాడు. "ఇట్ల ఎవురాడతారు?" అన్నాడు. ఆ తర్వాత తీసేయమని ఆయన అడగలేదు. ప్రార్థనలు మాత్రం ఆగలేదు.

నేను మార్చకుండానే బైండు చేయించాను. అదే జిరాక్స్ దుకాణంలో. సిమెంటు లేని ప్రాజెక్టు చూసి అతను కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. పైగా ఇంకో పని చేశాను. కుటుంబాల వరుస మార్చి నాలుగోదాన్ని మొదటి అధ్యాయంలోకి తెచ్చాను. "ప్రతి గడిలో సరిగ్గా ఒక్క అంకె" అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. దాని కింద ఇలా రాశాను: "ఈ నియమం పత్రికల్లో అచ్చు వేయరు. ఇది లేకపోతే ఏమవుతుందో అనుబంధంలో చూడండి." అనుబంధంలో పదమూడు ఉంది, చుట్టూ సున్నా చుట్టి. గైడు సంతకం గీత మీద మాత్రం ఖాళీ.

వైవా రోజు ఎక్స్‌టర్నల్ సారు పొద్దున కర్నూలు బస్సు దిగి వచ్చారు. పెద్దాయన. చొక్కా జేబులో రెండు పెన్నులు, ముఖం మీద రవాణా సమస్యలు చాలా చూసిన అలసట. కొమరోలు అమ్మాయి ముందు పోయింది. బయటకొచ్చి, "గోడౌను ఎక్కడుందమ్మా అన్నాడు. వాళ్లకే తెలియాల సార్ అన్నా. పోయి రా అన్నాడు" అని చెప్పింది. పాసైపోయింది.

నా బైండు తెరిచి ఎక్స్‌టర్నల్ సారు కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నారు. పక్కనే మా హెచ్‌ఓడీ సారు, కిటికీ వైపు చూస్తూ.

"లక్ష్యం సున్నానా? మంచిది. సంకోచం లేకుండా రాసినావు." పేజీ తిప్పారు. "ఈ మొదటి కుటుంబం తీసేస్తే?"

"అనుబంధంలో ఉంది సార్."

తీసి చూశారు. పదమూడు దగ్గర ఆగారు. గట్టిగా నవ్వారు. ఆ నవ్వుకు హెచ్‌ఓడీ సారు కిటికీకి ఇంకొంచెం దగ్గరగా జరిగారు.

"సరే. నువ్వు కనుక్కున్న జవాబు ఒక్కటేనా? ఇంకోటి లేదని ఏంది నమ్మకం?"

ఈ ప్రశ్న కోసమే వారం నుంచి ఎదురుచూస్తున్నాను. "వచ్చిన జవాబులో ఎనభై ఒక్క చోట్ల ఒకటి పడింది సార్. ఆ ఎనభై ఒక్క విలువల మొత్తం ఎనభైకి మించకూడదని ఇంకో వరుస చేర్చి మళ్లీ నడిపినా. అంటే అదే జవాబు మళ్లీ చెప్పడానికి లేదు, కనీసం ఒక్క గడైనా మారాలి. సాధ్యం కాదని చెప్పింది. కాబట్టి ఒక్కటే జవాబు."

"మా నాయన పలక మీద రాసిన వాటికి అసలు జవాబే ఉండేది గాదు సార్" అని కూడా అనబోయాను. అది సిలబస్‌లో లేదని ఊరుకున్నాను.

ఆయన పెన్ను తీసి చివరి పేజీకి వచ్చి ఆగిపోయారు. "గైడు సంతకం ఏదీ?"

కిటికీ వైపు నుంచి తిరిగి మా సారే అన్నారు. "రూల్స్ మూడే సార్. ఫ్యామిలీలు నాలుగు రాసినాది. మార్చమంటే మార్చలేదు."

ఎక్స్‌టర్నల్ సారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు. ఇద్దరి మధ్యలో పడదలచుకోలేదని ముఖంలోనే తెలిసింది. "మార్కులు వేస్తా. కానీ ఖాళీ గీత కింద నేను సంతకం పెట్టకూడదు. మిగిలినోళ్ల వైవాకు రేపు పొద్దున కూడా ఉంటా. ఈలోగా పెట్టించుకో. లేదంటే సున్నా రాసి పంపాల్సి వస్తాది."

బయటికి రాగానే హెచ్‌ఓడీ సారు నా పక్కగా నడుస్తూ, "ఆయన ముందర నా మాట తీసేసినావు" అన్నారు మెల్లగా. కోపంగా కూడా కాదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"నేను మీ మాట తీయలేదు సార్. మీ పజిల్ వాడినా."

"నాలుగు నాలుగే అంటావు."

"నాలుగే సార్."

సాయంత్రం తర్లుపాడు ఆటో అప్పటికే నిండింది. నాకు వెనక సీటు అంచున అలవాటైన సగం దొరికింది. బైండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన గొర్రెలకని తవుడు మూట పెట్టుకున్న ఒక అవ్వ. ఆమె అవతల ఇద్దరు. మూట వాళ్లందరికంటే విశాలంగా కూర్చుంది. ఆటో కదలబోతుండగా సార్ వచ్చారు. డ్రైవరు వెనక్కి తిరగలేదు.

"కొంచెం సర్దుకోండి. అవ్వా, సారుకి చోటీయి."

అవ్వ అరంగుళం జరిగింది. అవ్వకూ నాకూ మధ్యన, ఎవరికీ లేని చోట, సార్ ఇరుక్కుని కూర్చున్నారు. బ్యాగు ఎక్కడ పెట్టాలో తెలియక తల మీద పట్టుకున్నారు. ఆటో కదిలింది. మొదటి గుంతకే ఆయన మోకాలు ముందు సీటు ఇనుప కడ్డీకి తగిలింది. రెండో గుంతకు మళ్లీ అదే మోకాలు. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆ రోజు మాట్లాడారు.

"ఏమయ్యా! ఈ సీటుకి ముగ్గురే గదా? ఐదుగురిని ఎట్ల ఎక్కిస్తావు?"

"ఎక్కడ రాసుంది సారూ?" అన్నాడు డ్రైవరు.

నేను రోడ్డు వైపు చూశాను. రోడ్డు పక్కన పలకల ఫ్యాక్టరీ ముక్కల కుప్పలు, వాటి మీద ఎండ. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఒకరినొకరు చూడకపోవడంలో మాకు రెండేళ్ల సాధన ఉంది. అది ఆ రోజు నాకు అక్కరకొచ్చింది.

ఇంకో రెండు గుంతలు దాటాయి. తర్వాత సార్ నా వైపు తిరక్కుండానే చెయ్యి చాచారు. బైండు ఇచ్చాను. బ్యాగు నా ఒళ్లోకి నెట్టి, బైండును మోకాళ్ల మీద నిలబెట్టి మొదటి అధ్యాయం తెరిచారు. ప్రతి గడిలో సరిగ్గా ఒక్క అంకె. చదివారు. మళ్లీ చదివారు. ఊగుతున్న ఆటోలో అంత శ్రద్ధగా ఎవరూ నా రాత చదవలేదు, ఆ తర్వాత కూడా.

"పెన్నుందా?" అన్నారు.

ఇచ్చాను. ఆ సంతకం ఇప్పటికీ మా ఇంట్లో ఉన్న బైండు మీద ఉంది. గిద్దలూరు కాలేజీలో పిల్లలకు సమీకరణాలు చెప్పే రోజుల్లో దాన్ని ఒకట్రెండు సార్లు తీసి చూశాను. ఆయన పేరులో మొదటి అక్షరం బాగా వచ్చింది. రెండో అక్షరం దగ్గర గుంత వచ్చింది. అక్కడి నుంచి గీత పైకి లేచి, పక్కకు పోయి, చివరి అక్షరాన్ని వెతుక్కుంటూ కిందికి దిగింది. దాన్ని సరిగ్గా పూర్తి చేయడానికి ఆయన మోచెయ్యి చాపి, ఇంకొంచెం చాపి, ఆ కాస్త చోటులో తన చెయ్యి తనకు కావాలన్నట్టు గట్టిగా కదిలించారు.

"సంతకం ఎక్కడన్నా పెట్టుకో నాయనా" అంది అవ్వ. "నీ మోచెయ్యి మాత్రం నా డొక్కలో పెట్టొద్దు."